‘ది లేడీ, ఆర్ ది టైగర్?’ ముగింపు: ఒక పక్షాన నిలబడి వ్యాసం రాయడం ఎలా?

కందుకూరు చదువరి

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. ఆంగ్ల సాహిత్యం చదువుతున్నాను. ఫ్రాంక్ స్టాక్టన్ రాసిన ‘ది లేడీ, ఆర్ ది టైగర్?’ అనే కథ మీద ఆరు పేజీల వ్యాసం రాయవలసి ఉంది. ఈ కథ 1882 నవంబరులో అమెరికాలోని ‘ది సెంచరీ’ మాసపత్రికలో వచ్చింది. వ్యాసానికి పెట్టిన షరతు ఒక్కటే: ముగింపును ఏదో ఒక అర్థంలో తీసుకుని, దానిని కథలోని ఆధారాలతోనే నిలబెట్టాలి.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. సగం నాగరికత, సగం ఆటవికత కలిసిన ఒక రాజు నేరస్థులను విచారించడు. నిందితుణ్ణి జనమంతా చుట్టూ కూర్చుని చూసే పెద్ద గోదాలోకి వదులుతాడు. ఎదురుగా అచ్చం ఒకేలా ఉండే రెండు తలుపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని వెనుక ఆకలితో ఉన్న పులి, మరొకదాని వెనుక అతని వయసుకూ హోదాకూ తగిన యువతి ఉంటారు. పులి వస్తే అతను దోషి. యువతి వస్తే నిర్దోషి; అతనికి అప్పటికే భార్య ఉన్నా సరే, అక్కడికక్కడే ఆ యువతితో పెళ్లి జరిపిస్తారు. రాజు కూతురు తమకన్నా తక్కువ స్థాయి యువకుణ్ణి ప్రేమిస్తుంది. విషయం తెలిసి రాజు అతన్ని ఆ గోదాలోకి పంపుతాడు. రాకుమారి బంగారం ఖర్చుపెట్టి, పట్టుదలతో ఏ తలుపు వెనుక ఏముందో తెలుసుకుంటుంది. అక్కడ నిలబెట్టిన యువతి ఎవరో కూడా ఆమెకు తెలుసు. ఆ యువతి అంటే రాకుమారికి ద్వేషం. యువకుడు రాకుమారి వైపు చూస్తాడు. ఆమె చేతితో కుడివైపుకు చిన్న సైగ చేస్తుంది. అతను తడబడకుండా వెళ్లి కుడి తలుపు తెరుస్తాడు. బయటికి వచ్చింది యువతా, పులా అని పాఠకుల్నే అడిగి రచయిత కథ ముగిస్తాడు.

నాకు పులి అనే అనిపిస్తున్నది. కానీ రచయితే తేల్చని దాన్ని తేల్చడానికి నువ్వెవరివని నా సహాధ్యాయి అడుగుతున్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, నా వాదానికి అడ్డం వచ్చే వాక్యాలు కథలో ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

పులికాట్ (సూళ్లూరుపేట)

మీ సహాధ్యాయి మాటే సరైనదని నా అభిప్రాయం. వాచ్యంగా చెప్పగలిగినదాన్ని చెప్పకుండా వదలడంలోనే కథ అందం ఉన్నది. మన ఆలంకారికులు ధ్వనికి, అంటే మాటల్లో చెప్పకుండా సూచనగా తెలిసే అర్థానికి, కావ్యంలో అంత పెద్దపీట వేసింది ఇందుకే కదా. రెండు అర్థాలూ సమానంగా నిలబడేలా రచయిత శ్రమపడి కట్టిన కథలో ఒక అర్థాన్ని ఎంచుకోవడం అంటే ఆ శ్రమను కాదనడమే. ప్రతి పాఠకుడి జవాబూ అతనికి సరైనదే. కాబట్టి మూడు పేజీలు పులి పక్షాన, మూడు పేజీలు యువతి పక్షాన రాసి, తీర్పు పాఠకుడికి వదలండి.

సోమశిల (ఆత్మకూరు)

మంచి చర్చ మొదలుపెట్టారు. నేను కథలు రాస్తుంటాను, నాకూ ఇదే సమస్య. ఇటీవల ఒక కథ రాశాను. మెట్ట ప్రాంతపు ఊళ్లో బోర్లు ఎండిపోయి, నిమ్మతోట కొట్టించుకున్న ఒక రైతు చివరికి బస్టాండులో కూర్చుని ఉంటాడు. జేబులో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితం తీసి చూసుకుని నవ్వుతాడు. అక్కడితో ముగించాను. పత్రికకు పంపితే ముగింపు అర్థం కాలేదని తిరిగి వచ్చింది. చదివిన మిత్రులు కూడా కాగితంలో ఏముందని అడుగుతున్నారే తప్ప కథ గురించి మాట్లాడడం లేదు. ఇటువంటి ముగింపును పాఠకుడు ఒప్పుకొనేలా రాయడం ఎలాగో తెలిసినవారు చెప్పండి.

కందుకూరు చదువరి

సోమశిల అన్నా, నేను అడిగినది అటువంటి ముగింపు ఉన్న కథ మీద వ్యాసం రాయడం గురించి. అయినా మీ కథకూ దీనికీ ఏదో సంబంధం ఉన్నట్టే తోస్తున్నది, పెద్దలు ఎవరైనా చెబితే వినాలని ఉంది.

కావలి మాష్టారు

ఇటువంటి కథలను చాలా కాలం తరగతిలో చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమ్మా, ముందు మీ సహాధ్యాయి ప్రశ్నకు జవాబు. ఈ కథ విషయంలో మూడు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. తలుపు తీసినప్పుడు ఏది బయటికి వచ్చింది అన్నది మొదటిది. రాకుమారి ఏమి నిర్ణయించుకున్నది అన్నది రెండవది. కథనం పాఠకుణ్ణి ఎటువైపు ఎక్కువగా నడిపిస్తున్నది అన్నది మూడవది. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం మీకు లేదు, ఆ వాక్యం కథలో లేదు. మూడవ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం చదివిన ప్రతివారికీ ఉంది, ఎందుకంటే దానికి కావలసినదంతా అచ్చయిన కాగితం మీదే ఉంది. వ్యాసం మూడవ ప్రశ్నతో మొదలై, రెండవ ప్రశ్న దాకా వెళ్లి ఆగాలి. “పులి వచ్చింది” అని రాస్తే మీ సహాధ్యాయి గెలుస్తుంది. “రాకుమారి పులి వైపే చేయి చూపిందని నమ్మడానికి కథ ఎక్కువ కారణాలు ఇస్తున్నది” అని రాస్తే ఆమె మీతో వాదించడానికి కథ మళ్లీ చదవవలసి వస్తుంది. మీకు కావలసింది అదే.

పులికాట్ గారు చెప్పినదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. రచయిత ఈ ముగింపును శ్రద్ధగా తూచి కట్టాడు. అయితే ప్రతి పాఠకుడి జవాబూ అతనికి సరైనదే అన్న మాటను ఈ కథే ఒప్పుకోదు. సైగ జరిగిన తర్వాత కథకుడు పాఠకుల వైపు తిరిగి, ఈ నిర్ణయం మీ చేతిలో ఉన్నదనుకుని ఆలోచించకండి, నిరాశా అసూయా కలిసి మండుతున్న ఆ సగం ఆటవిక రాకుమారి చేతిలో ఉన్నదనుకుని ఆలోచించండి అని స్పష్టంగా చెబుతాడు. అంటే, “నేనైతే నా ప్రియుణ్ణి కాపాడుకునేదాన్ని” అన్న జవాబు ఈ కథకు జవాబే కాదు. తన కథను ఎలా చదవాలో కథకుడు ఒక నియమం పెట్టాడు. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడల్లా ఎక్కువమంది దాటిపోయే వాక్యం ఇదే. మీ వ్యాసం మొదటి పేజీలో దీనికి చోటివ్వండి.

ఇక ధ్వని గురించి ఒక్క మాట. ధ్వని సిద్ధాంతంలో వ్యంగ్యార్థం ఏదైనా కావచ్చునని లేదు. ఎవరు ఎవరితో అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నదాన్ని పట్టి సహృదయుడు ఫలానా అర్థాన్నే గ్రహిస్తాడు. అది కూడా ఆధారాల పనే.

సోమశిల గారూ, మీ కథకూ దీనికీ తేడా ఇది. స్టాక్టన్ కథలో పాఠకుడికి తెలియనిది ఒక్కటే, ఆమె నిర్ణయం. అది తప్ప ఆమె స్వభావం, భయం, ద్వేషం, ఆ రెండు తలుపుల పర్యవసానం అన్నీ తెలుసు. మీ కథలో రైతుకు తెలిసిన విషయాన్ని పాఠకుడి నుంచి దాచారు. దాచినదాని గురించి పాఠకుడు “ఏమిటది” అనే అడుగుతాడు. కాగితంలో ఏముందో చెప్పేసి, దాంతో అతనేం చేస్తాడన్నది వదిలి చూడండి.

పెన్నాతీరం (నెల్లూరు)

నాకు మూడో అవకాశం కనబడుతున్నది, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. రాజు మహా తెలివైనవాడు. కూతురు రహస్యం తెలుసుకుంటుందని ఊహించి చివరి నిమిషంలో పులినీ యువతినీ అటూ ఇటూ మార్చి ఉండవచ్చు. లేదా బంగారం తీసుకున్న కాపలావాడే ఆమెకు అబద్ధం చెప్పి ఉండవచ్చు. అప్పుడు ఆమె కాపాడాలనుకున్నా పులి వస్తుంది, చంపాలనుకున్నా యువతి వస్తుంది. వ్యాసానికి ఇది ఎంతో కొత్తగా ఉంటుంది.

గుండ్లకమ్మ (ఒంగోలు)

పెన్నాతీరం గారూ, కొత్తగా ఉంటుంది కానీ దాన్ని నిలబెట్టే వాక్యం కథలో ఒక్కటీ దొరకదు, పడగొట్టే వాక్యం దొరుకుతుంది. ఏ తలుపు వెనుక ఏముందన్న రహస్యం చూడవచ్చినవారందరికీ, చివరికి రాజుకు కూడా, తెలియదని కథకుడు చెబుతాడు. తెలియనివాడు మార్చలేడు. కాపలావాడు అబద్ధమాడాడనడానికి చిన్న సూచన కూడా లేదు. పైగా ఆమెకు తెలుసునని కథకుడే తన గొంతుతో ధ్రువపరుస్తాడు. కథలో లేని సంఘటనను చేర్చి ముగింపును విప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. మాష్టారు పులి పక్షాన మొగ్గుతున్నట్టున్నారు, నేను యువతి పక్షాన మాట్లాడతాను. రాకుమారి మథనాన్ని కథకుడు ఏ వరసలో చెప్పాడో చూడండి. ముందు ఆమె ప్రియుడు పులి ఉన్న తలుపు తెరుస్తున్నట్టు ఊహించుకుని భయంతో ముఖం కప్పుకుంటుంది. తర్వాత అతను యువతి ఉన్న తలుపు తెరిచినట్టు, అతని కళ్లు వెలిగినట్టు, పెళ్లి జరిగినట్టు, జనం కేకలు వేసినట్టు ఊహించుకుని పళ్లు కొరుక్కుంటుంది. ఆపైన, అతను ఇప్పుడే చనిపోయి పరలోకంలో తన కోసం ఎదురుచూడడమే మేలు కదా అనుకుంటుంది. అక్కడ ఆగిపోయి ఉంటే పులి అనేదాన్ని నేనూ ఒప్పుకునేదాన్ని. కానీ ఆగలేదు. అయినా ఆ పులి, ఆ అరుపులు, ఆ నెత్తురు అన్న వాక్యంతో ఆ మథనం ముగుస్తుంది. నిర్ణయానికి ముందు మనకు వినిపించే ఆమె చివరి ఆలోచన అది. చివరి ఆలోచనే నిర్ణయానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకొకటి. యువకుడికి ఆమె స్వభావం తెలుసని కథ చెబుతున్నది. తెలిసినవాడు క్షణం కూడా ఆలోచించకుండా ఆమె చూపిన తలుపు దగ్గరికి నడిచాడు. ఆమెను అందరికన్నా బాగా ఎరిగినవాడి నమ్మకం కన్నా పెద్ద ఆధారం మనకేం కావాలి?

కందుకూరు చదువరి

గుండ్లకమ్మ అక్కా, నన్ను ఇబ్బంది పెట్టినవి సరిగ్గా ఈ రెండు చోట్లే. నేను రాసుకున్న ఒక పేరా ఇక్కడ పెడుతున్నాను, దయచేసి చదివి చెప్పండి:

“రాకుమారి నిస్సందేహంగా ప్రియుణ్ణి పులికే అప్పగించింది. ఆమె ఆ యువతిని ద్వేషించింది. తన ప్రియుడు, ఆ యువతి ఒకరినొకరు చూసుకోవడం ఆమె గమనించింది. ఆమెలో ఆటవిక రక్తం ఉంది. ఆమె ఏమాత్రం తటపటాయించకుండా సైగ చేసింది. ఈ ఆధారాలన్నీ ఆమె అసూయతోనే నిర్ణయం తీసుకున్నదని నిరూపిస్తున్నాయి.”

కావలి మాష్టారు

పేరా పెట్టడం మంచిదయింది, ఇక గాలిలో మాట్లాడనక్కరలేదు.

ప్రతి ఆధారాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఆమె యువతి వైపు చేయి చూపి ఉంటే కథలో ఈ వాక్యం ఉండేది కాదా? ఉండేదే అయితే ఆ వాక్యం మీకు సాక్ష్యం చెప్పదు. తటపటాయించకుండా సైగ చేయడం తీసుకోండి. ఎన్నో పగళ్లు, రాత్రులు మథనపడి ముందే నిర్ణయించుకున్నదని కథకుడు చెప్పాడు. ముందే నిర్ణయించుకున్న మనిషి, ఏది నిర్ణయించుకున్నా, తటపటాయించదు. కాబట్టి అది రెండు వైపులకూ సరిపోతుంది, మీ పేరాలోంచి తీసేయండి. చూపులు కలవడం కూడా జాగ్రత్తగా చూడవలసినదే. ఆ యువతి తన ప్రియుడి వైపు చూడడం ఆమె చూసిందో, చూసినట్టు ఊహించుకున్నదో అని కథకుడు రెండు మాటలూ అంటాడు. మీరు “గమనించింది” అని రాస్తే కథ ఇవ్వని నిశ్చయాన్ని ఇచ్చినట్టవుతుంది. నిజానికి “ఊహించుకున్నదో” అన్న మాట మీకే ఎక్కువ ఉపయోగం. లేనిదాన్ని కూడా చూడగలిగేంత అసూయ ఆమెలో ఉన్నదని అది చెబుతుంది.

ద్వేషం కొంచెం కష్టమైన ఆధారం. ద్వేషించే యువతికే ప్రియుణ్ణి అప్పగించి కాపాడింది అనుకుంటే త్యాగం ఇంకా పెద్దదవుతుంది, కథ ఇంకా బిగుస్తుంది. అందువల్ల ద్వేషం ఉన్నది అన్నంత మాత్రాన పనికిరాదు. కానీ ఆ ద్వేషం ఎక్కడి నుంచి వచ్చిందని కథ చెప్పిందో చూడండి. పూర్తిగా ఆటవికులైన పూర్వీకుల నుంచి తరతరాలుగా దిగివచ్చిన రక్తం నుంచి అని చెప్పింది. ఇది మనల్ని కథ మొదటికి తీసుకుపోతుంది.

అక్కడే మీ అసలైన బలం ఉంది. రాకుమారి కథలోకి వచ్చే మొదటి వాక్యంలోనే ఆమె మనసు తండ్రి మనసంత తీవ్రమైనదీ, అంత ఆధిపత్యం కలదీ అని కథకుడు పరిచయం చేస్తాడు. ఆటవిక అంశం లేకపోతే ఆ రోజు ఆమె అక్కడికి వచ్చేదే కాదేమో అని కూడా అంటాడు. ప్రియుడి విచారణను చూడడానికి వచ్చి తండ్రి పక్కన కూర్చున్న మనిషి ఆమె. తండ్రి సంగతి ఏమిటి? ఫలితం ఏదైనా ఆ యువకుడు కూతురికి దక్కకుండా పోతాడు, పైగా తనకు చూడడానికి ఒక వేడుక దొరుకుతుంది అన్నది ఆయన లెక్క. రాజు పద్ధతిలో న్యాయం చేసేది అదృష్టం. కూతురు రహస్యం తెలుసుకోవడంతో అదృష్టం తప్పుకుంది, ఆ స్థానంలోకి ఆమె వచ్చింది. ఎలాగూ అతను తనకు దక్కడు. మిగిలిన ప్రశ్న, ఎవరికి దక్కాలి అన్నదే. కథకుడు కూడా ఆ మాటే అడుగుతాడు. కథ మొదట్లో అంత చోటు రాజునూ అతని పద్ధతినీ వర్ణించడానికి ఎందుకు ఖర్చుపెట్టాడో మీ పక్షం నుంచి చెప్పగలరు. యువతి పక్షం నుంచి చెప్పడం కష్టం. మీ వ్యాసానికి వెన్నెముక ఇది.

ఇక గుండ్లకమ్మ గారి రెండు అభ్యంతరాలు. యువకుడి నమ్మకం గురించి ముందు చెబుతాను. అతను ఆమె స్వభావాన్ని ఎరుగును అన్న వాక్యాన్ని చివరిదాకా చదవండి. ఆమె రహస్యం తెలుసుకునేదాకా ఊరుకోదని అతనికి తెలుసు అని ఆ వాక్యం ముగుస్తుంది. ఆమె తనను బతికిస్తుందని అతనికి తెలుసు అని అక్కడ లేదు. నమ్మకం దేని మీదో కథ ఖచ్చితంగా చెప్పింది, మనం దాన్ని ఇంకొకదాని మీదికి పాకించకూడదు.

చివరి ఆలోచన సంగతి అలా కాదు. అది నిజంగా బలమైన అభ్యంతరం. పులి గురించిన భయం కన్నా పెళ్లి గురించిన ఊహే ఆమెకు ఎక్కువసార్లు వచ్చిందని కథకుడు స్పష్టంగా చెబుతాడు, పెళ్లి ఊహకు ఎక్కువ వాక్యాలు కూడా ఇస్తాడు. అంటే ఎన్నిసార్లు అన్నది పులి వైపు, చివర ఏమున్నది అన్నది యువతి వైపు ఉన్నాయి. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి పూర్తిగా రద్దు చేయవని నా అభిప్రాయం, కానీ అమ్మా, ఇది మీ వ్యాసంలో దాచకుండా రాయవలసిన చోటు. దాన్ని చివరి పేరాలో కాకుండా మధ్యలో పెట్టండి. చివర పెడితే పాఠకుడు ఆ సందేహంతోనే లేచిపోతాడు. ముందుగా ఆ అభ్యంతరాన్ని దాని పూర్తి బలంతో, గుండ్లకమ్మ గారు రాసినంత బాగా రాయండి, తర్వాతే జవాబు చెప్పండి.

గుండ్లకమ్మ (ఒంగోలు)

యువకుడి నమ్మకం విషయంలో మాష్టారు చెప్పినది సరే, ఆ వాక్యం నా వాదానికి నేననుకున్నంత బరువు మోయదు. కానీ తండ్రి పోలిక గురించి నేను ఒప్పుకోను. మీరు పెట్టిన పరీక్షనే దానికీ పెడుతున్నాను. తండ్రిలాంటి కూతురు చివరి క్షణంలో తండ్రిలా ప్రవర్తించకపోవడం కోసమే రచయిత పోలికను అంత గట్టిగా చెప్పి ఉండవచ్చు కదా? కథల్లో పోలికను కట్టేది నిలబెట్టడానికే కాదు, విరవడానికి కూడా. పైగా ఆమె పులిని తలచుకుని భయంతో ముఖం కప్పుకుంటుంది. రాజు ఏనాడూ ముఖం కప్పుకోలేదు, చూసి ఆనందించాడు. తండ్రికీ కూతురికీ తేడా ఉన్నదని ఆ ఒక్క చేష్ట చెబుతున్నది.

పులికాట్ (సూళ్లూరుపేట)

మీ ఇద్దరి మాటలు చదివాక, చెరి మూడు పేజీలు రాయమన్న నా సలహాను పక్కన పెడుతున్నాను. అయితే అసలు మాట వదులుకోలేను. దాన్ని ఇలా చెబితే ఎలా ఉంటుంది? ఈ కథ రాకుమారిని కాదు, పాఠకుణ్ణే ఆ రెండు తలుపుల ముందు నిలబెడుతున్నది. ఏ జవాబు ఎంచుకుంటామో దాన్ని బట్టి మన స్వభావం బయటపడుతుంది. కాబట్టి తేల్చలేకపోవడమే కథ అర్థం. స్టాక్టన్ 1885లో ‘ది డిస్కరేజర్ ఆఫ్ హెజిటెన్సీ’ అని దీనికి కొనసాగింపు రాశాడు. జవాబు తెలుసుకుందామని ఆ రాజ్యానికి కొందరు పరదేశీయులు వస్తారు. వారికి ఒక అధికారి ఇంకో చిక్కుముడి కథ చెప్పి, ముందు దాన్ని మీరు విప్పితే అప్పుడు పులి సంగతి చెబుతానంటాడు. రచయిత ఉద్దేశం ఇంతకన్నా స్పష్టంగా ఎలా తెలుస్తుంది?

కావలి మాష్టారు

పులికాట్ గారూ, ఇది మీ మొదటి మాట కాదు, చాలా మెరుగైన మాట. తేలదు అని ఊరుకోవడం వేరు, తేలకపోవడం ఈ కథలో ఫలానా పని చేస్తున్నది అని వాదించడం వేరు. రెండవది మూడో పక్షం, దానికీ ఆధారాలు చూపించాలి. కథకుడు పాఠకుణ్ణి నేరుగా పిలవడం, తానొక్కడే జవాబు చెప్పగలవాడినని అనుకోవడం లేదని తప్పుకోవడం, ఇవి మీకు పనికివస్తాయి. కానీ మీకు అడ్డం వచ్చే వాక్యం కూడా ఉంది, నేను మొదట చెప్పినదే. మిమ్మల్ని మీరు ఆమె స్థానంలో పెట్టుకోకండి అని కథకుడు చెబుతుంటే, కథ పరీక్షించేది పాఠకుడి స్వభావాన్ని అని ఎలా అంటారో వివరించాలి.

కొనసాగింపు కథ గురించి: అది మూడేళ్ల తర్వాత వచ్చిన వేరే కథ. బయటికి ఏది వచ్చిందో రచయిత చెప్పదలచుకోలేదని అది చూపిస్తుంది. మొదటి కథలోని వాక్యాలు ఎటు మొగ్గుతున్నాయన్నది దానితో మారదు. వ్యాసంలో ఒక వాక్యానికి మించి దానికి చోటివ్వవద్దని నా సలహా.

గుండ్లకమ్మ గారి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముఖం కప్పుకోవడం నిజంగా తేడాయే. నేననేది ఇంతే: కప్పుకున్న తర్వాత కూడా, పెళ్లి ఊహ అంతకన్నా ఎన్నోసార్లు వచ్చిందనే కథకుడు చెప్పాడు. రాజులో లేని భయం ఆమెలో ఉంది, రాజులో ఉన్న ఆధిపత్యం కూడా ఆమెలో ఉంది.

సోమశిల (ఆత్మకూరు)

మాష్టారూ, మీరు చెప్పినట్టు కాగితాన్ని ముందే విప్పి చెప్పాను. అది కొడుకు రాసిన ఉత్తరం, హైదరాబాదు వచ్చి తనతో ఉండమని. ఇప్పుడు బస్సు వచ్చి ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, అక్కడ ముగించాను. చదివిన మిత్రుడు ఈసారి, ఎక్కడు, ఆ మనిషి ఊరు వదలడు అని వాదించాడు. ఇంకొకరు ఎక్కుతాడన్నారు. కథలో ఎక్కడ చదివి అలా అంటున్నారని ఇద్దర్నీ అడిగాను. ఎక్కడు అన్న ఆయన, కొట్టేసిన నిమ్మచెట్ల మొదళ్లకు రైతు నీళ్లు పోసే వాక్యాన్ని చూపించాడు. ఎక్కుతాడన్న ఆయన మాత్రం ఏదీ చూపించలేకపోయాడు, నేనతనికి ఏమీ ఇవ్వలేదు. అందుకని రైతు ఇంటి తాళంచెవి పక్కింటివారికి ఇచ్చే సన్నివేశం ఒకటి చేర్చాలనుకుంటున్నాను.

కందుకూరు చదువరి

అందరికీ కృతజ్ఞతలు. పేరా మళ్లీ రాశాను:

“రాకుమారి పులి వైపే చేయి చూపిందని నమ్మడానికి కథ ఎక్కువ కారణాలు ఇస్తున్నది. ఆమెను పరిచయం చేసే వాక్యమే ఆమె మనసును తండ్రి మనసుతో సమానం చేస్తుంది. ప్రియుడు ఎలాగూ ఆమెకు దక్కడు గనుక, ఆమె ఎదుట ఉన్నది అతన్ని నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్న కాదు, అతను ఎవరికి దక్కాలన్న ప్రశ్న. చూసిందో ఊహించుకున్నదో కథకుడు తేల్చని చూపుల మీద కూడా అసూయ పడగల మనిషి ఆ ప్రశ్నకు ఏ జవాబు చెబుతుందన్న విషయంలో, పులి భయం కన్నా పెళ్లి ఊహే ఆమెను ఎక్కువసార్లు వేధించిందన్న మాట ఒక సూచన ఇస్తుంది. అయితే వేధించడం వేరు, నిర్ణయించడం వేరు. ఆమె మథనంలో చివరగా వినిపించేది నెత్తురు గురించిన భయమే, ఆ భయం ఆమె తండ్రిలో ఎక్కడా కనబడదు.”

చివరి రెండు వాక్యాలు గుండ్లకమ్మ అక్క అభ్యంతరం నుంచి వచ్చాయి. వాటికి నా జవాబు తర్వాతి పేరాలో ఇలా మొదలవుతుంది: ఆ భయం ఆమెను నిజంగా ఆపి ఉంటే, ఆ వాక్యం తర్వాత ఆమె మనసు మారినట్టు ఒక్క మాటైనా ఉండాలి, కానీ కథకుడు అక్కడి నుంచి నేరుగా నిర్ణయం ఎప్పుడో జరిగిపోయిందన్న మాటకు వెళ్లిపోయాడు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

పేరా చాలా బాగుంది, చెల్లీ. మొదటి పేరాతో పోలిస్తే ఇందులో ప్రతి వాక్యానికీ కథలో ఒక చోటు చూపించగలవు. కానీ నీ జవాబును మాష్టారి పరీక్షకే పెట్టు. మనసు మారినట్టు మాట లేదన్నావు. పులి వైపు మారినట్టు కూడా మాట లేదు కదా. నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది అన్నది రెండు వైపులకూ సరిపోయే వాక్యం, తటపటాయింపును తీసేసినట్టే దీన్నీ తీసేయవలసి ఉంటుంది. నీ దగ్గర నిజంగా మిగిలేవి తండ్రి పోలిక, పెళ్లి ఊహ ఎక్కువసార్లు రావడం. ఆ రెండింటి మీదే జవాబు కట్టు. నేనైతే ఇప్పటికీ ఆ నెత్తురు వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను.

కావలి మాష్టారు

గుండ్లకమ్మ గారి మాట విను అమ్మా. ఆ జవాబు నిలవదు. మిగిలిన రెండింటిలో నేనైతే ఎక్కువసార్లు అన్నదాన్ని ముందు పెట్టి, తండ్రి పోలికను దాని వెనుక తెస్తాను, ఎందుకంటే పోలికను విరవడానికి కట్టారన్న అభ్యంతరం దానికి ఉంది, మొదటిదానికి లేదు. రాసి ఇక్కడ పెట్టు, చూస్తాము.